మళ్ళీ పెడితే బ్లాక్ చేస్తాం

నరసింగరావుకి అరవై ఏళ్ళు నిండాయి గాని, ఒక మనిషికి మొహం మీద ‘వద్దు’ అని చెప్పడం మాత్రం ఇంకా చేతకాలేదు. శృంగవరపుకోట మార్కెట్ యార్డులో ముప్ఫై నాలుగేళ్ళు గుమాస్తాగా ఉండి, వచ్చినవాడికల్లా ‘చూద్దాం లెండి’ అని చెప్పి చెప్పి అలిసిపోయి రిటైరయ్యాడు. ఇంట్లో వాడని మిక్సీలు మూడున్నాయి. మూడూ గుమ్మంలోకి వచ్చి అమ్మినవాళ్ళ దగ్గర కొన్నవే.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఫేస్‌బుక్‌లో ‘మన కోట సంత’ అని ఒక పేజీ తెరిచాడు. వారం వారం సంతకి వెళ్ళి, కొండ మీంచి ఏమేం దిగాయో ఫోటోలు తీసి, వాటి గురించి నాలుగు ముక్కలు రాస్తాడు. పనసకాయలు, విస్తళ్ళు కుట్టే అడ్డాకులు, చింతపండు, పసుపుకొమ్ములు, కొండచీపుళ్ళు. ఆరువందల పన్నెండుమంది ఆ పేజీని అనుసరిస్తున్నారు.

“అందులో సదివినోళ్ళు పన్నెండుమందే బావా. నన్ను తీసేస్తే పదకొండు,” అంటుంది అతని భార్య పద్మకుమారి.

పద్మకుమారి అతనికి స్వయానా మేనత్త కూతురు, కాబట్టి మర్యాదలేమీ లేవు. అంగన్‌వాడీ టీచరు. పిల్లల బరువు ఒక యాప్‌లో, గుడ్ల లెక్క ఇంకో యాప్‌లో, తల్లుల ఫోటోలు మూడోదాంట్లో ఎక్కించి ఎక్కించి, ఫోను ఆమె చేతిలో చేటలా ఆడుతుంది. నరసింగరావు పేజీకి రెండో పెత్తనం కూడా ఆమెదే. అతను ఎప్పుడు ఏ బొత్తాం నొక్కి ఏం పోగొట్టుకుంటాడో తెలియదు కనుక, పేజీ తెరిచిన రోజే ఆమె ఆ ఏర్పాటు చేసుకుంది.

ఇక బెడద సంగతి. నరసింగరావు ఏ పోస్టు పెట్టినా పది నిమిషాల్లో మొదటి కామెంటు ఒకటి వచ్చి పడుతుంది. పంపేవాడి పేరు ‘సంజీవని కీళ్ళ కేంద్రం’. ‘చాలా బాగా రాశారు సార్! మోకాళ్ళ నొప్పులా? ఇరవై ఒక్క రోజుల్లో పరుగెత్తండి! ఇప్పుడే వాట్సాప్ చేయండి.’ వెనక ఒక నంబరు, మూడు గులాబీలు.

మొదటిసారి చూసినప్పుడు నరసింగరావు తెగ సంబరపడ్డాడు. ‘బాగా రాశారు’ దగ్గరే ఆగిపోయి, ‘ధన్యవాదాలండీ, మీలాంటి పాఠకులే నా బలం’ అని జవాబిచ్చాడు. రెండోసారి మిగతాది కూడా చదివి, ‘నాకు రెండు మోకాళ్ళూ కాదండీ, ఎడమదొక్కటే’ అని ఉన్న సంగతి చెప్పాడు. దాంతో కీళ్ళవాడి పక్కన నడుంనొప్పివాడు, వాడి పక్కన బట్టతలవాడు చేరారు.

“నువ్వు జవాబిచ్చిన కొద్దీ అది పైకొస్తాది బావా. జనం మాటాడుకుంటన్నారు కాబోలనుకుని ఆ కామెంటునే ముందు సూపిస్తాది. నువ్వు వాడికి ఉప్మా పెట్టి కూర్చోబెడతన్నావు,” అంది పద్మకుమారి.

“ఎవరో ఏటో పాపం, మర్యాదగా మెచ్చుకుంటన్నాడు కదే.”

“అది మనిసి కూడా కాదు. మెషినీ. నువ్వు పనస గురించి రాసినా, పెసలు గురించి రాసినా అదే మాట.”

నరసింగరావు నమ్మలేదు. నమ్మడానికి మరో నెల పట్టింది. అడ్డాకులమ్మే మరిడమ్మ పోయింది. నలభై ఏళ్ళు సంతలో ఒకే చోట కూర్చున్న మనిషి. ఆమె గురించి రెండు రోజులు కూర్చుని రాశాడు, రాస్తూ ఒకసారి కళ్ళు తుడుచుకున్నాడు కూడా. పోస్టు పెట్టిన పది నిమిషాలకి కామెంటు వచ్చింది. ‘చాలా బాగా రాశారు సార్! మోకాళ్ళ నొప్పులా? ఇరవై ఒక్క రోజుల్లో పరుగెత్తండి!’

చచ్చిపోయిన మరిడమ్మ ఫోటో కింద పరుగెత్తండి అని ఉండడం చూసి నరసింగరావుకి ప్రాణం విసిగిపోయింది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

“తీసేస్తాను, ఇలాగియ్యి,” అంది పద్మకుమారి.

“ఇదొక్కటీ తీసీ. కాని ఊరికే తీసేస్తే మళ్ళీ వస్తాడు. ఈసారి వచ్చినప్పుడు నేనే ఒక్క మాట గట్టిగా సెప్తాను. ఆరువందలమంది సూస్తన్నారు. ఇక్కడ ఒక మగాడున్నాడని తెలియాలా వద్దా?”

“తెలియాలి. పన్నెండుమందికైనా తెలియాలి,” అంది పద్మకుమారి.

ఆ ఒక్క మాట తయారవడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటి ముసాయిదాలో ‘సిగ్గులేని’ అని ఉంది, అది కొట్టేశాడు. రెండోది ‘దయచేసి అన్యథా భావించవద్దు’ అని మొదలై, కీళ్ళవాడి వ్యాపారం వృద్ధిలోకి రావాలని దీవించి ముగిసింది. మూడోది పేజీన్నర. అన్నీ పద్మకుమారి పప్పు రుబ్బుతూ వింది.

“తిట్టకు. తిడితే గొడవవుద్ది. సంజాయిషీ సెప్పకు. వాడి మందు పేరు నువ్వు రాయకు, రాస్తే నువ్వే డప్పు కొట్టినట్టు. ‘ఎందుకు పెడతన్నావు’ అని అడగకు, అడిగితే మళ్ళీ జవాబొస్తాది. ఇక్కడేటి సెయ్యకూడదో, సేస్తే ఏటవుద్దో, ఆ రెండే సెప్పు. ఒకే ముక్క. ఇచ్చీసి, వాడి కామెంటు దాచీ. మరి దాని మొకం సూడకు.”

అలా కుదిరింది. ‘ఇది సంత కబుర్ల పేజీ, ఇక్కడ సొంత ప్రకటనలు, ఫోన్ నంబర్లు పెట్టవద్దు, మళ్ళీ పెడితే తీసేసి బ్లాక్ చేస్తాం.’ నరసింగరావు దాన్ని కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. చివర ‘చేస్తాం’ అనడం అతనికి బాగా నచ్చింది. వెనకాల పదిమంది ఉన్నట్టుంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే ముందుది అర్థం కాదు. పద్మకుమారికి ఒక అక్క ఉంది, దుర్గాభవాని, ‘అప్ప’ అని పిలుస్తుంది. గరివిడిలో ఉంటారు. ఆమె మొగుడు మురళీమోహన్ అక్కడ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. మూడేళ్ళ కిందట నరసింగరావు కూతురి పెళ్ళికి కార్డులు కొట్టించినప్పుడు, ‘తమ రాక కోరువారు’ వరసలో పెద్ద తోడల్లుడైన మురళీమోహన్ పేరు ఎక్కడో కింద, ఫోటోగ్రాఫర్ పేరుకి ఒక గీత పైన పడింది. ప్రెస్సువాడు మార్చమంటారా అని అడిగాడు. నరసింగరావు యథాప్రకారం ‘చూద్దాం లెండి’ అన్నాడు. అంతే, మురళీమోహన్ పెళ్ళికి రాలేదు. అప్పటినుంచి రెండిళ్ళకీ మాటల్లేవు.

అక్కచెల్లెళ్ళు మాత్రం రోజూ మధ్యాహ్నం మొగుళ్ళు కునుకు తీసే వేళ ఫోన్లో మాట్లాడుకుంటారు. గరివిడిలో కొత్త ఇల్లు కట్టారని, గురువారం గృహప్రవేశమని పద్మకుమారికి తెలుసు. ఒక్కగానొక్క అక్క కొత్తింట్లో పాలు పొంగిస్తుంటే పక్కన నిలబడాలని ఆమెకి ప్రాణం కొట్టుకుంటోంది. కాని పిలుపు లేదు. ‘వాడొచ్చి అడిగితే పిలుస్తాను’ అని మురళీమోహన్, ‘ఆయన పిలిస్తే వెళ్తాను’ అని నరసింగరావు, ఎవరి అరుగు మీద వాళ్ళు బిగుసుక్కూర్చున్నారు.

“ఆయనే రమ్మనాలా? నువ్వెళ్ళి ఒక్క మాటనీకూడదా బావా?” అని ఆమె అడగని వారం లేదు.

“చూద్దాం,” అనేవాడు నరసింగరావు.

సోమవారం పొద్దున్న నరసింగరావు లేత పనసకాయల గురించి పోస్టు పెట్టాడు. ఎనిమిదీ పదికి కీళ్ళవాడు హాజరు. ‘చాలా బాగా రాశారు సార్!’

నరసింగరావు జేబులోంచి కాగితం తీశాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఒక వేలితో ఒక్కొక్క అక్షరం నొక్కుతూ రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇలాంటి జవాబు కామెంటు కిందే ఉండే ‘రిప్లై’ నొక్కి ఇస్తే దానికి అంటుకుని ఉంటుంది. అతను అది నొక్కలేదు. అడుగున ఖాళీ గడి కనిపిస్తే, రాసే చోటు అదే కదా అని అక్కడ రాసి పంపించాడు. అంటే ఆ జవాబు ఎవరికీ అంటుకోకుండా, అప్పటిదాకా వచ్చిన కామెంట్లన్నిటి కిందా విడిగా వెళ్ళి కూర్చుంది.

ఆ ఇరవై నిమిషాల మధ్యన ఇంకొక కామెంటు వచ్చిందని అతనికి తెలియదు. పంపినాక పైకి జరిపి చూసుకోలేదు. పంపిన ఆనందంలో వేరే పనొకటి చేశాడు. తన జవాబుకి ఒక్క లైకూ లేకపోవడం చూసి చిన్నబుచ్చుకుని, పేజీలోంచి తన సొంత పేరుకి మారి, తనే ఒక లైకు కొట్టాడు. కొట్టి, ఆ పేరులోనే ఉండిపోయి, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళాడు. నూతి దగ్గర కూనిరాగం కూడా తీశాడని పక్కింటివాళ్ళు చెప్తారు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. పద్మకుమారి వరండాలో మాట్లాడి లోపలికి వచ్చింది.

“బావా, పెద్దబావనేటన్నావు?”

“మీ పెద్దబావనా? మూడేళ్ళై నేనేటీ అనలేదు. అదే కదా గొడవ.”

“అప్ప ఏడుస్తన్నాది. పెద్దబావ అన్నం దగ్గర్నుంచి లేచిపోనాడంట. నీ పేజీలో గృహప్రవేశానికి పిలిస్తే, నంబర్లు పెట్టొద్దు, మళ్ళీ పెడితే బ్లాక్ సేస్తామన్నావంట!”

నరసింగరావు గబగబా ఫోను తీశాడు. పనసకాయ ఫోటో కింద కామెంటు ఉంది. ‘గరివిడిలో మా నూతన గృహప్రవేశం ఈ గురువారం తెల్లవారుజామున. కోట వాళ్ళందరికీ ఇదే పిలుపు. వివరాలకు ఫోన్ చేయండి. ఇట్లు, మురళీమోహన్.’ ఫోన్ చేసి పిలవడానికి అభిమానం అడ్డొచ్చింది. మనిషిని పంపితే తగ్గినట్టవుతుంది. మానేస్తే భార్య ఊరుకోదు. మూడేళ్ళు ఆలోచించి ఆయన కనిపెట్టిన దారి అది. పనసకాయ కింద, ఊరందరికీ కలిపి, ఎవరి పేరూ ఎత్తకుండా.

సరిగ్గా దాని కింద, మరేమీ అడ్డం లేకుండా, నరసింగరావు జవాబు నిలబడి ఉంది. కీళ్ళవాడి కామెంటు లేదు. మూడు గులాబీలూ లేవు.

“ఓరి నాయనో! ఇక్కడే ఉన్నాడే కీళ్ళోడు! పొద్దున్న నా కళ్ళతో సూశాను. ఏటైపోనాడు?”

“ఏటో మరి,” అంది పద్మకుమారి కూరగాయల బుట్ట ముందుకి లాక్కుంటూ.

“ఒట్టే. ఆడికే రాశాను నేను.”

“ఆడు లేడు కదా. సూసినోళ్ళకి పెద్దబావే కనపడతన్నాడు. పైగా నీ జవాబుకి లైకు కొట్టిందెవులో సూసుకున్నావా? అప్ప సెప్పింది. పెద్దబావ దాన్ని ఫోటో తీసి దాచుకున్నాడంట.”

నరసింగరావు ఆ లైకు మీద వేలు పెట్టి చూశాడు. ఒకే ఒక్క పేరు. నరసింగరావు. పెద్ద తోడల్లుణ్ణి గెంటేసి, పైన చప్పట్లు కూడా కొట్టినట్టు ఉంది.

జవాబు తీసేద్దామని మూడు చుక్కలు నొక్కాడు. సొంత పేరులోనే ఉన్నానన్న ధ్యాస లేదు, పేజీ రాసిన మాటని దిద్దుకోవడానికి గాని తీసెయ్యడానికి గాని అక్కడ దారి కనిపించలేదు. ‘ఫిర్యాదు చేయండి’ అని మాత్రం ఉంది. గత్యంతరం లేక నరసింగరావు తన జవాబు మీద తనే ఫిర్యాదు చేశాడు. కారణం అడిగితే ‘వేధింపు’ అని నొక్కాడు. కాసేపటికి, పరిశీలించామనీ, అందులో తీసెయ్యవలసినంత తప్పేమీ లేదనీ సమాధానం వచ్చింది. జీవితంలో మొదటిసారి రాసిన గట్టి మాటకి ఆ మాత్రం సర్టిఫికెట్ దొరికినందుకు సంతోషించే స్థితిలో అతను లేడు.

“నువ్వు తీసీవే. నీకు తెలుస్తాది కదా.”

“ఇప్పుడు తీసేస్తే తప్పు సేసి దాచినట్టే బావా. పెద్దబావ దగ్గర ఫోటో ఉన్నాది. ఉండనీ,” అంది పద్మకుమారి వంకాయ కోస్తూ.

అప్పుడు తన సొంత పేరుతోనే కింద రాశాడు. ‘పై మాట మురళీమోహన్ గారిని ఉద్దేశించినది కాదు.’ అయిదు నిమిషాల్లో మురళీమోహన్ నుంచి జవాబు: ‘ఈ విషయం పేజీ వారు చెప్పాలి. దారిన పోయేవాళ్ళు కాదు.’ దానికి బంధువులందరూ నవ్వు మొహాలు పెట్టారు. నౌపడలో ఉప్పుమళ్ళ దగ్గరుండే పినమావ శివాజీ, ఏడాదికోసారి కూడా పలకనివాడు, ‘ఏటి గొడవ?’ అని అడిగి మరీ కూర్చున్నాడు. పోస్టుకి ఎన్నడూ లేనిది నలభై మూడు కామెంట్లు వచ్చాయి. ఒక్కరూ పనసకాయ మాటెత్తలేదు.

మంగళవారం నరసింగరావుకి ఒక ఉపాయం తట్టింది. తన జవాబు పక్కన ఒక ప్రకటన కనిపిస్తే చాలు, అది దానికే అని లోకం నమ్ముతుంది. కీళ్ళవాడు అవసరానికి లేడు. మొన్నటిదాకా వాడు రాకూడదని మొక్కినవాడు, పొద్దుటినుంచి వాడు రావాలని ఫోను వంక చూస్తూ కూర్చున్నాడు. రాలేదు. చివరికి జిరాక్సు షాపు కొండబాబు దగ్గరికి వెళ్ళాడు. కొండబాబు యార్డులో అతనితో పనిచేసిన స్నేహితుడు.

“ఒరే కొండబాబూ, నా పనస పోస్టు కింద ఒక ప్రకటన పెట్టరా. ఏదైనా పరవాలేదు. సిరాకు పుట్టించీలా ఉండాలి.”

“నేనేటమ్ముతాన్రా?”

“సీపుళ్ళు పెట్టు, కొండసీపుళ్ళు.”

“నంబరో?”

“ఏదో ఒకటి పెట్టరా బాబూ!”

కొండబాబు శ్రద్ధ గల మనిషి. ‘మేలురకం కొండచీపుళ్ళు! ఇంటి దగ్గరే అందజేయబడును! నేడే సంప్రదించండి!’ అని రాసి, తన నంబరు పెట్టుకోవడం ఇష్టం లేక, తనకి కంఠతా వచ్చిన ఇంకొక నంబరు పెట్టాడు. అది నరసింగరావుది.

సాయంత్రానికి పద్నాలుగు ఫోన్లు వచ్చాయి. నరసింగరావు ఒక్కరికీ ‘నేను అమ్మనండీ’ అని గట్టిగా చెప్పలేకపోయాడు. ‘చూద్దాం లెండి’ అన్నాడు. ముగ్గురు అడ్రసులు కూడా చెప్పారు, ఇతను రాసుకున్నాడు.

“ఎన్ని సీపుళ్ళు సెప్పీసావు?” అని అడిగింది పద్మకుమారి.

“ఇరవై రెండు,” అన్నాడు నరసింగరావు నీరసంగా.

అంతటితో ఆగితే బాగుండేది. ఏ కామెంటు పక్కన చూసినా అది వచ్చి ఎంతసేపయిందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నరసింగరావు జవాబు పక్కన ‘ఒక రోజు’ అని ఉంది. చీపుళ్ళ పక్కన ‘రెండు గంటలు’ అని ఉంది. ఈ సంగతి నరసింగరావుకి తట్టలేదు. మురళీమోహన్‌కి తట్టింది. ముప్ఫై ఏళ్ళుగా ఫ్యాక్టరీలో కూలీల హాజరు చూసిన మనిషి.

‘జవాబు నిన్న ఇచ్చారు. చీపుళ్ళు ఇవాళ వచ్చాయి. రేపు ఎవరొస్తారో పేజీ వారికి ముందే తెలుస్తుంది కాబోలు. నమస్కారం,’ అని రాశాడు. శివాజీ దానికి గుండె బొమ్మ పెట్టాడు.

నరసింగరావు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఒక్క వాక్యం. జీవితం మొత్తానికి ఒక్క గట్టి వాక్యం రాసుకున్నాడు, అదీ నాలుగు రోజులు కష్టపడి. ఇప్పుడు ఇరవై రెండు చీపుళ్ళు, ఊరంతా నవ్వు, ఇంట్లో ముభావంగా తిరుగుతున్న భార్య. ఆమె అరవలేదు, తిట్టలేదు. అదే అతనికి మరీ కష్టంగా ఉంది. గురువారం అక్క ఇంట్లో పాలు పొంగే వేళకి ఈ మనిషి ఇక్కడ కూర్చుని కళ్ళొత్తుకుంటుంది, అదీ నా వల్ల అనుకునేసరికి అతని మనసు ఉండబట్టలేదు.

“పద్మా, మరేటి సెయ్యమంటావు?”

“నన్నడుగుతావేటి? ఫోన్లో పడ్డ ముడి ఫోన్లో రాదు బావా. మనిసి మొకం సూసి సెప్పాలి.”

నరసింగరావు కుర్చీలోంచి లేచాడు.

“రేపు పొద్దున్న బస్సుకెల్దాం,” అన్నాడు. ‘చూద్దాం’ అనలేదు. పద్మకుమారి తల ఎత్తకుండా సరే అంది.

బుధవారం విజయనగరంలో బస్సు మారి, ఎండ ముదిరే వేళకి గరివిడిలో దిగారు. కొత్త ఇంటికి సున్నం వాసన ఇంకా పోలేదు. గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో మురళీమోహన్ కూర్చుని, తోరణం కట్టేవాళ్ళని కేకలేస్తున్నాడు. వీళ్ళని చూసి కేకలు ఆపాడు. లేవలేదు, కూర్చోమనలేదు. దుర్గాభవాని లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి, మొగుడి మొహం చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

“ఓ, పేజీ వారు వచ్చారే,” అన్నాడు మురళీమోహన్.

నరసింగరావు చేతులు కట్టుకున్నాడు. “అన్నయ్యా, ఆ మాట మీకు కాదు. ఒట్టేసి సెప్తన్నాను. కీళ్ళ మందోడికి రాశాను. ఆడు మాయమైపోనాడు. సీపుళ్ళు నేనే పెట్టించాను, అదీ నిజమే. లైకూ నాదే. బుద్ధి లేక సేశాను. ఇంకో మాట… ఆ పెళ్ళికార్డు. అప్పుడే మార్పించాల్సింది. అడిగాడు ప్రెస్సోడు. నేనే సూద్దాం అన్నాను. తప్పు నాది.”

మూడేళ్ళుగా ఆ ఆఖరి రెండు ముక్కల కోసమే కూర్చున్న మురళీమోహన్ మొహం కాస్త సడలింది. కాని అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

“కార్డు సంగతి సరే తమ్ముడూ. ఈ కీళ్ళ మందోడేటి? కనపడనోణ్ణి నమ్మమంటే ఎలాగ?”

అప్పుడు పద్మకుమారి సంచీలోంచి ఫోను తీసింది. సొంత పేరులోంచి పేజీలోకి మారింది. పనసకాయ పోస్టు తెరిచి, కామెంట్ల పైన చిన్న బాణం నొక్కి ‘అన్ని కామెంట్లు’ అన్నది ఎంచుకుంది. మొదట్లోనే ఒక కామెంటు వెలిసిపోయిన చీర రంగులో పాలిపోయి ఉంది. దాని మీద వేలు పెట్టి ‘దాచినది చూపించు’ నొక్కింది.

“ఇప్పుడు మీ ఫోన్లో సూడండి పెద్దబావా.”

మురళీమోహన్ ఫోను కిందికి లాగి వదిలాడు. మొదట కీళ్ళవాడు, గులాబీలతో సహా. వాడి కింద తన పిలుపు. దాని కింద జవాబు. ఉన్న వరస ఉన్నట్టు.

“కీళ్ళోడికి రాసిందే. కిందనున్న రిప్లై నొక్కకుండా అడుగు గడిలో రాసీశాడు. మీ పిలుపు మజ్జిలో వచ్చినట్టు సూసుకోలేదు. అంతే పెద్దబావా.”

మురళీమోహన్ ఆ కామెంటు పైకీ కిందకీ రెండుసార్లు చదివాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఈడా! ఈడు మా యూనియన్ గ్రూపులో కూడా ఉన్నాడు. ఇరవై ఒక్క రోజులన్నాడు దొంగ సచ్చినోడు. నాలుగు డబ్బాలు తాగాను. ఇప్పుడు కుర్సీలోంచి లేవలేకపోతన్నాను,” అన్నాడు.

అప్పుడు తెలిసింది, ఆయన ఇందాక లేవకపోవడానికి సగం కారణం. నరసింగరావు వెళ్ళి చెయ్యందించాడు. మురళీమోహన్ ఆ చెయ్యి పట్టుకుని లేచి, “గట్టిగానే రాశావు తమ్ముడూ. నేను రాయాల్సిన ముక్క,” అన్నాడు. దుర్గాభవాని అప్పటికే కుంకుమభరిణె తెచ్చి చెల్లెలికి బొట్టు పెడుతోంది. ఇద్దరూ ఒకేసారి ఏడుస్తూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

నరసింగరావు మాత్రం గుమ్మంలో నిలబడి ఆలోచనలో పడ్డాడు. కాసేపటికి భార్యని పక్కకి పిలిచాడు.

“పద్మా, ఆ కామెంటు దాచిందెవులు?”

“నేనే. సోమవారం నువ్వు తానానికెళ్ళినప్పుడు. నువ్వు జవాబైతే ఇచ్చీసావు గాని దాన్ని దాచడం మర్సిపోనావు. అందుకని దాచాను.”

“దాచాక కింద మీ పెద్దబావ పిలుపు సూడలేదూ?”

“సూశాను. దాని కింద నీ జవాబూ సూశాను. తీసేద్దుమని వేలు పెట్టాను కూడా.”

“మరి తియ్యలేదేటి?”

పద్మకుమారి కొంగుతో మొహం తుడుచుకుంది. “తీసేస్తే పిలుపొక్కటీ మిగుల్తాది. నువ్వది సదివి, ఇది నన్ను పిలిసినట్టా, ఊరందర్నీ పిలిసినట్టా అని గురువారం దాకా సూద్దాం, సూద్దాం అంటావు. మూడేళ్ళు సూశాను బావా.”

 ఈలోగా మురళీమోహన్ లోపల్నుంచి కేకేశాడు. “తమ్ముడూ, రేపు మూర్తం తెల్లారగట్ల. ఎల్లీదేటి, ఇక్కడే ఉండండి. పీటల పక్కన నువ్వే నిలబడాలి.”

“అలాగే అన్నయ్యా. కాని బట్టలూ అవీ…” అని నరసింగరావు నసిగాడు.

పద్మకుమారి సంచీ జిప్పు లాగింది. పైన ఆమె పట్టుచీర ఉంది. దాని కింద అతని పట్టుపంచె, కండువా, మడత నలగకుండా ఇస్త్రీ చేసి ఉన్నాయి. అడుగున అక్కకి పెట్టే చీర, పసుపు కుంకాలు, అతని బీపీ మాత్రలు.

“ఇవన్నీ ఎప్పుడు సర్దీసావే?”

“సోమవారం,” అంది పద్మకుమారి. “నువ్వు తానం సేసి వచ్చీలోగా.”